తపాలా బిళ్ళంత లింగప్ప

నారాయణపేట చౌక్‌లో చీరల వ్యాపారం చేసే రఘుపతి సేఠ్ ఎవరినైనా నమ్మినట్టు ఆ పట్టణ చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు. చీర కొనవచ్చిన ఇల్లాలు రంగు పోతుందా అని అడిగితే, జవాబు చెప్పడానికి ముందు, ఈ ప్రశ్న ఆమెకు ఎవరు నేర్పి పంపారా అని ఆలోచించేవాడు. మగ్గం నుంచి వచ్చిన ప్రతి చీరనూ వెలుతురుకు ఎత్తి, పోగు పోగునూ నిందితుణ్ణి విచారించినట్టు విచారించేవాడు. దండం పెట్టినవాడిని అనుమానించేవాడు. పెట్టనివాడి విషయంలో అనుమానానికి తావే లేదు, వాడు శత్రువు.

ఇంతటి జాగరూకుడు తొంభై ఎనిమిదో సంవత్సరంలో రెండంతస్తుల కొత్త దుకాణం కట్టి, దానికి తన తండ్రి లింగప్ప పేరు పెట్టి, కప్పు మీద ఇరవై అడుగుల పొడవూ పదడుగుల ఎత్తూ గల ఇనుప చట్రం నిలబెట్టించాడు. ఆ చట్రంలో తండ్రి ముఖం కొలువు తీరాలి. ఎదురుగా ముప్పై ఏళ్ళుగా చీరలమ్ముతున్న అమరేందర్ తల ఎత్తి చూడాలి. లోకానికి చెప్పిన కారణం ఇది. చెప్పనిది మరొకటి ఉంది. లింగప్ప పోయేనాటికి రఘుపతి ఉయ్యాలలో ఉన్నాడు. తండ్రిని పసిపిల్లలు ఎట్లా చూస్తారో, కింద నిలబడి, మెడ వెనక్కి వంచి, అట్లా ఒక్కసారి చూడాలని నలభై నాలుగేళ్ళ ఆ సేఠ్‌కు కోరిక. ఈ మాట ఆయన భార్యకు కూడా చెప్పలేదు. ఆమె ఎవరితోనైనా అంటుందేమోనని.

ఇబ్బందల్లా ఫోటోతోనే. లింగప్పకు లోకంలో మిగిలింది తపాలా బిళ్ళంత నలుపు తెలుపు ఫోటో ఒక్కటే. దాన్ని తల్లి నర్సింగమ్మ తన ట్రంకుపెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి దాచింది. కొడుకు దాన్ని పట్టుకుని న్యూ డీలక్స్ స్టూడియోకు వెళ్ళాడు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీయడం, శుభలేఖలు అచ్చువేయడం, పెద్ద బోర్డుల ఆర్డర్లు పట్నంలోని కొత్త యంత్రానికి పంపి తెప్పించడం ఆ స్టూడియో వృత్తి. యజమాని మక్సూద్ ఆ ఫోటోను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"వారం తర్వాత రా సేఠ్" అన్నాడు మొదట. వారం తర్వాత, "గిది కాదు సేఠ్" అన్నాడు.

"ఏం కాదు?"

"గింత ఫోటో గంత బోర్డు కాదు."

"పట్నంల అయితదట గద."

"పట్నంల గూడ గిదే ఫోటో."

రఘుపతి కళ్ళు సన్నమయ్యాయి. పని వద్దనే వ్యాపారిని ఆయన తన జీవితంలో చూడలేదు. "నోటి మాట నాకొద్దు మక్సూద్ భాయ్. ఎందుకు కాదో కాయితం మీద రాసి, దస్తకత్ పెట్టియ్యి. రేపు నేనట్ల అనలేదంటే నేనెవరికి చెప్పుకోవాలె?"

ఆ విధంగా, మూడు వీధుల అవతల ఉన్న మనిషి నుంచి రఘుపతికి స్టూడియో పేరు అచ్చువేసిన కాగితం మీద ఉత్తరం వచ్చింది. మక్సూద్ ఉర్దూ మాధ్యమంలో చదివినా తెలుగు శుభలేఖలు ఇరవై ఏళ్ళుగా కూర్చుతున్నవాడు గనుక అతని శైలికి పెళ్ళిపందిరి వాసన అంటుకుని ఉంది.

"మహారాజశ్రీ రఘుపతి సేఠ్ గారి సముఖమునకు, మక్సూద్ సలాములు చేసి వ్రాసుకొను మనవి.

తమ తండ్రిగారి ఫోటోలో ముఖము అర అంగుళము. తమ చట్రములో ముఖము ఎనిమిది అడుగులు రావలెనన్నారు. అనగా సుమారు రెండు వందల రెట్లు. ఫోటో అనునది రబ్బరు కాదు. దానిలో వెలుతురు ఎంత వ్రాసినదో అంతే ఉండును. పెంచిన కొద్దీ ముఖము పెరుగును గాని ముఖములోని సమాచారము పెరగదు. ఇదివరకు ఒక వెంట్రుకగా కనిపించినది పెంచిన తరువాత వంద వెంట్రుకలు కాదు, ఒక మసక గీత అగును.

పట్నము యంత్రము సంగతి. అది ఫోటోను చుక్కలుగా చదువును. అంగుళమునకు ఆరు వందల వంతున చదివినను తండ్రిగారి ముఖమునకు నిలువునా మూడు వందల చుక్కలే దక్కును. వానిని ఎనిమిది అడుగులకు పరచినచో ఒక్కొక్కటి శనగగింజంత అగును. ఇంకా ఎక్కువ చుక్కలు చదివించవచ్చును కదా అని తమరు అడగవచ్చును. చదివించవచ్చును. అప్పుడు యంత్రము చదివేది తండ్రిగారిని కాదు, కాగితపు గరుకును, దానిపై గీతలను. ఫర్లాంగు దూరము నుండి చూచువారికి ఇవి కొంత సర్దుకొనును. కాని తమ వీధి ఇరుకు. గిరాకీ చూచేది ఎదుటి అరుగు మీది నుండి.

ఈ ఫోటో మా నాయనగారు తీసినదే. దాని అసలు నెగెటివు ఉన్నచో కొంత నయము. ఆ రోజులలో అవి గాజు పలకలు. మా నాయనగారి పిమ్మట వానిని కడిగించి పటములకు అద్దములుగా వాడినాము. ఇందుకు సిగ్గుపడుచున్నాను.

కావున నా సలహా. ఈ ఫోటోను అరచేయంత వరకు పెంచవచ్చును, అంతకు మించి వద్దు. చట్రమునకు పెయింటరు భిక్షంను పిలిచి, గడులు గీయించి, చేతితో వేయించుకొనుడు. చేయి లేనిదానిని కల్పించగలదు, యంత్రము కల్పించలేదు.

చివరగా, ముఖ్యముగా కండ్ల భాగమును పెంచి చూడవద్దని నా విన్నపము. కారణము తమరు అడగకున్న మేలు. ఇట్లు, విధేయుడు."

రఘుపతి ఉత్తరాన్ని మొదట చదివాడు, తర్వాత వెలుతురుకు ఎత్తాడు, ఆపైన తిప్పి వెనకవైపు చూశాడు. రబ్బరు, చుక్కలు, శనగగింజలు ఆయనకు తేటతెల్లంగా అర్థమయ్యాయి. అర్థం కావడమే అనుమానాస్పదంగా ఉంది. అబద్ధమాడేవాడే ఇంత ఓపికగా విడమరుస్తాడు. పైగా ఆ చివరి రెండు వాక్యాలు. అడగకపోతే మేలు అన్న మాటను రఘుపతి వంటి మనిషికి రాయడం, గడ్డివామికి అగ్గిపెట్టెను పరిచయం చేయడమే.

ఆయన తన మనసులోని న్యాయస్థానంలో సాక్షులను పిలిచాడు. మొన్న మక్సూద్ అమరేందర్‌తో కలిసి హోటల్లో చాయ్ తాగాడు. మక్సూద్ భార్య జాహేదా పండుగ చీర అమరేందర్ దుకాణంలోనే కొన్నది. ఈ పెయింటర్ భిక్షం ఎవరు? అమరేందర్ బోర్డు వేసినవాడు. తీర్పు వెలువడింది. తన తండ్రి ముఖం చౌక్‌లో లేవకుండా కుట్ర జరుగుతున్నది.

మరునాడు పొద్దున స్టూడియో షట్టరు సగం లేచేసరికి రఘుపతి దాని కింది నుంచి దూరి లోపల ఉన్నాడు.

"ఎంతిచ్చిండు?" అన్నాడు.

"ఎవరు సేఠ్?"

"ఎదుటోడు. నా పని చెడగొట్టనీకి నీకెంతిచ్చిండు?"

మక్సూద్ చేతిలోని తాళం కప్పను నిదానంగా బల్ల మీద పెట్టాడు. "అమరేందర్ సేఠ్ చాయ్ పైసలే నాతోటి కట్టిచ్చిండు. ఆయన నాకేమిస్తడు?"

"అయితే కండ్లు పెంచద్దని ఎందుకు రాసినవ్?"

"అడగద్దని గూడ రాసిన గద."

"అందుకే అడుగుతున్న."

మక్సూద్ ఆయన ముఖంలోకి చూశాడు. ఈ మనిషికి చెప్పినది నమ్మే అలవాటు లేదు, చూసినదాన్ని కూడా రెండోసారి చూస్తే గాని నమ్మడు. "చెప్తే నువ్వు నమ్మవు. లోపలికి రా" అని చీకటి గది తలుపు తెరిచాడు.

ఎర్రదీపం వెలిగింది. ఆ వెలుతురులో రఘుపతి తన చేతులను చూసుకుని, ఏదో నేరం చేసి వచ్చినట్టున్నాయని అనుకున్నాడు. ఘాటైన మందు వాసన. మక్సూద్ ఆ చిన్న ఫోటోకు ఇదివరకే ఫోటో తీసి తయారుచేసుకున్న నెగెటివును పెంచే యంత్రంలో పెట్టి, పెద్ద కాగితం మీద కొంతసేపు వెలుతురు పడనిచ్చి, దాన్ని మందు పళ్ళెంలో ముంచాడు. రఘుపతి అతని చేతుల నుంచి చూపు తిప్పలేదు. కాగితం మార్చేస్తాడేమోనని.

కాగితం తెల్లగా ఉంది. మెల్లగా దాని నడుమ ఒక నీడ పుట్టింది. జుట్టు వచ్చింది, తర్వాత మీసం, ముక్కు పక్కన చీకటి. లింగప్ప గారు నీళ్ళ అడుగు నుంచి కొడుకు వైపు లేచి వస్తున్నారు. ఇంతకాలం బొటనవేలి కింద దాక్కునేంత తండ్రి ఇప్పుడు చేటంత అవుతుంటే, రఘుపతి తనకు తెలియకుండానే పళ్ళెం మీదికి వంగాడు.

అనుమానం ఒక వృత్తి. అందులో నైపుణ్యం సంపాదించినవాడు తండ్రి ముఖం ముందు కూడా దాన్ని మానుకోలేడు. చీరలో పోగు తెగినచోటు పట్టే చూపు ముందుగా బుగ్గ మీద ఆగింది. బుగ్గకు చర్మం ఉంది, మసకగా, ఇసుక చల్లినట్టు. నుదుటికి ఉంది. కళ్ళకు లేదు. కళ్ళు నున్నగా, చదునుగా, అద్దిన సిరా మరకల్లా ఉన్నాయి. ముక్కు నీడ చెప్పేదాన్ని బట్టి వెలుతురు ఎడమవైపు నుంచి పడింది. అయితే ఒక కంటిలో తెల్లటి మెరుపు చుక్క ఎడమన ఉంది, రెండో కంటిలో కుడిన.

"గీ కండ్లు నేనెక్కడనో సూసిన" అన్నాడు రఘుపతి.



ఎక్కడో కూడా వెంటనే గుర్తొచ్చింది. అమరేందర్ దుకాణంలో, గల్లా వెనకాల, అద్దం కట్టించిన అతని తాత పటం. అవే కళ్ళు. ఎడమన ఒక చుక్క, కుడిన ఒక చుక్క. ఆ పటం తనను గుర్తుపట్టినట్టు చూస్తున్నదని రఘుపతికి ఎన్నోసార్లు అనిపించింది. అంటే తమకూ ఆ ఇంటికీ రక్తం ఒకటా? తల్లి ఈ ఫోటోను ఇన్నేళ్ళు గుడ్డలో చుట్టి ఎందుకు దాచింది? బయటివాళ్ళెవరికీ ఎందుకు చూపదు? ఆయన ఊహ ఒక్క క్షణంలో మూడు తరాలను, రెండు వంశాలను, ఒక వితంతువు పరువును బోనెక్కించింది. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందోనని పళ్ళు కరచి పట్టుకున్నాడు.

"గట్ల సూడకు సేఠ్" అన్నాడు మక్సూద్, ఆ ముఖంలో ఏం నడుస్తున్నదో పోల్చుకుని. "ఆ కండ్లు మీవీ కావు, వాళ్ళవీ కావు. మా అబ్బాజాన్‌వి."

"ఏమన్నవ్?"

"మా నాయిన యాకూబ్ సాబ్ వేసినయి. కుంచెతోటి. ఆ రోజుల్ల బతికున్నప్పుడు ఫోటో ఎవరు దిగిండ్రు? పాణం పోయినంక ఇంటోళ్ళు ఉరికొస్తుండిరి, గోడకు ఆనిచ్చి కూసోబెట్టినం, జర రమ్మని. పోయిన మనిషి కండ్లు మూసుకునే ఉంటడు గద. అబ్బాజాన్ పెద్దగ ఒక కాపీ తీసి, దాని మీద కండ్లు తెరిపిచ్చి, దాన్నే మల్ల ఫోటో తీసి చిన్నగ చేసేటోడు. చిన్నగ చేస్తే కుంచె కనవడదు. మనిషి బతికినట్టే ఉంటడు. మీ నాయిన ఫోటో అందుకే గంత చిన్నది. ఎంత చిన్నగుంటే అంత బతికినట్టు."

పళ్ళెంలో లింగప్ప ముఖం నల్లబడుతున్నది. మక్సూద్ దాన్ని పట్టుకారుతో తీసి మరో పళ్ళెంలో వేశాడు.

"అబ్బాజాన్‌కు ఒక్క తీరు కండ్లే వచ్చు" అన్నాడు కొంచెం సిగ్గుగా. "ఈ ఊర్ల ఆ కాలం పోయినోళ్ళందరికీ గవే."

నారాయణపేట గోడల మీద ఒక తరం పెద్దలంతా, షావుకార్లు, పటేండ్లు, బీదసాదలు, ఒకే మనిషి ఇచ్చిన ఒకే జత కళ్ళతో లోకాన్ని చూస్తున్నారు. ఆ సమసమాజంలో తన తండ్రీ సభ్యుడే. నలభై ఏళ్ళుగా తాను పరీక్షల ముందూ, పెళ్ళి ముందూ, నష్టం వచ్చిన సంవత్సరాల్లోనూ ఎవరి కళ్ళలోకి చూసి ధైర్యం తెచ్చుకున్నాడో, ఆ కళ్ళు స్టూడియో యాకూబ్ సాబ్ వాడుక సరుకు.

ఇంటికి వెళ్ళి తల్లిని ఎదురుగా కూర్చోబెట్టాడు. నర్సింగమ్మ చిక్కుడుకాయలు తుంచుతున్నది.

"నాయిన సచ్చిపోయినంక తీసిన ఫోటో అని నాకెందుకు చెప్పలే?"

ఆమె చేతులు ఆగలేదు. "నువ్వు అడగలే."

"నేను అడగని సంగతి ఈ భూమి మీద ఉన్నదా?"

"ఏడేండ్లున్నప్పుడు ఫోటో చేతుల పట్టుకొని, నాయిన నన్నే సూస్తుండమ్మా అన్నవ్. గప్పుడేమని చెప్పాలె? కాదు బిడ్డా, అవి తురకాయన గీసిన కండ్లు అని చెప్పాల్నా?" చిక్కుడుకాయ చివర తుంచి పక్కన పడేసింది. "నిన్ను సంకనేసుకొని వెనక నిలవడి నేనే పట్టుకున్న ఆయన తలకాయ, వాలిపోకుంట. ఇంత చిన్నగ కత్తిరిచ్చిండు గనక నా చేతులు కనవడవు."

రఘుపతికి ఆమెను ఏ పక్షం సాక్షిగా పిలవాలో తోచలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఆయన కండ్లు ఎట్లుండె?"

నర్సింగమ్మ మొదటిసారి పని ఆపింది. "మాటల్ల ఎట్ల చెప్తరు గవి?"

ఆమె మళ్ళీ చిక్కుడుకాయ అందుకున్నది. రఘుపతి మర్నాడే పెయింటర్ భిక్షంను పిలిపించాడు. ముందుగా, అమరేందర్ తన బోర్డు వేయించుకున్నప్పుడు ఏమైనా చెప్పాడా అని ఆరా తీసి, ఏమీ చెప్పలేదన్న జవాబును అనుమానంగా స్వీకరించి, పని అప్పగించాడు. భిక్షం పెంచిన ఫోటో మీద గడులు గీసుకున్నాడు, చట్రానికి బిగించిన రేకుల మీద అన్నే గడులు పెద్దవిగా గీశాడు, ఒక్కో గడిలో ఉన్నదాన్ని అక్కడికి మోశాడు. నాలుగు రోజుల్లో నుదురు, చెవులు, మీసం చౌక్ మీదికి లేచాయి. కళ్ళున్న చోట రెండు గడులు ఖాళీగా మిగిలాయి.

"అవిటికేం జేయాలె సేఠ్?" అని పైనుంచి అడిగాడు భిక్షం. "ఫోటోల ఉన్నట్టే వెయ్యనా?"

"ఫోటోల ఉన్నట్టు వేస్తే దిగొచ్చేటప్పుడు నిచ్చెన ఉండదు" అని, రఘుపతి ఇంటికి పోయి తల్లిని రిక్షాలో తీసుకొచ్చాడు.

ఆ బోర్డును సూటిగా చూడగలిగే చోటు ఒక్కటే ఉంది, అమరేందర్ అరుగు. రఘుపతి జీవితంలో ఇంతకంటే చేదు మాత్ర మింగలేదు. అమరేందర్ ఏమీ అడగకుండా లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. కుర్చీ కాళ్ళు నాలుగూ సరిగ్గా ఉన్నాయో లేదో రఘుపతి చేత్తో ఊపి చూసి, అప్పుడు తల్లిని కూర్చోబెట్టాడు.

"నేను చెప్తా, నువ్వు వెయ్యి" అన్నది నర్సింగమ్మ, వీధికి అడ్డంగా, పైనున్న భిక్షంతో.

"చెప్పు పెద్దమ్మా."

"గంత తెరిపియ్యకు. ఆయనకు ఎండ పడకపోతుండె. జర మూసినట్టే."

భిక్షం రెప్పలు దించాడు. రఘుపతి తన దుకాణం ముందు, బోర్డు కింద, మెడ వెనక్కి వంచి నిలబడ్డాడు. పైన పెద్ద పెద్ద తడి రంగు మరకలు తప్ప ఆయనకేమీ కనిపించడం లేదు. అంత దగ్గర నుంచి పెద్ద ముఖం ముఖం కాదు.

"కోపం పెట్టినవేంది? ఆయన ఎవరినీ గట్ల సూడలే. తీసెయ్యి."

"కోపం కాదు పెద్దమ్మా, నీడ."

"అయితే నీడ తీసెయ్యి."

చౌక్‌లో జనం పోగయ్యారు. ఒక ముసలాయన, లింగప్పకు కుడి కన్ను మెల్ల ఉండేదని సెలవిచ్చాడు. నర్సింగమ్మ అతని వైపు తిరిగి చూసింది. ఆయన పక్క వీధిలో పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. మక్సూద్ సైకిలు ఆపి, సీటు మీద చేయి వేసి నిలబడ్డాడు. రఘుపతి తల తిప్పి, తన తల్లికి ఎవరైనా మాటలు అందిస్తున్నారా అని చూశాడు. ఎవరూ అందించడం లేదు. ఆమె కళ్ళు మూసుకుంటున్నది, తెరిచి పైకి చూస్తున్నది, మళ్ళీ మూసుకుంటున్నది.

"కనుబొమ్మలు కిందికి గుంజు. కాదు, ఇంకొద్దిగ. నవ్వేటోడు కాదు, నవ్వు వస్తే ఆపుకునేటోడు. గక్కడ, కొసల. ఆఁ."

భిక్షం కుంచె రెండుసార్లు కదిలింది. రఘుపతి ఎదురు చూశాడు. అరుగు మీది నుంచి మాట రాలేదు.

ఆయన వెనక్కి చూశాడు. నర్సింగమ్మ కుర్చీలో లేదు. లేచి నిలబడి ఉంది. చేయి దానంతటదే వెళ్ళి కొంగును తల మీదికి లాక్కున్నది. కొత్త కోడలు భర్త లోపలికి వచ్చినప్పుడు నిలబడేట్టు, గోడకు ఒదిగి, తల కొంచెం వంచి నిలబడింది. అరవై దాటిన ముఖం మీద అది ఎంత పాత భయమో, ఎంత పాత సిగ్గో చౌక్‌లో ఎవరికీ తెలియదు.

రఘుపతి వీధి దాటి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అప్పుడు తల ఎత్తి చూశాడు.

"ఇంకేమన్న మార్చాల్నా సేఠ్?" అని పైనుంచి కేక వేశాడు భిక్షం.

రఘుపతి తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, మరోసారి చూడకుండానే, "దిగిరా" అన్నాడు.